ఒక్కొక్కటిగా విడుదల చేయాల్సింది

2008 ఆగస్టు 4, సోమవారం. యాపిల్ కంపెనీ ఉద్యోగులకు స్టీవ్ జాబ్స్ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. నాలుగు వారాల ముందు కంపెనీ ఆర్భాటంగా విడుదల చేసి అభాసుపాలైన ‘మొబైల్‌మీ’ అనే సేవ గురించి రాసిన మెయిల్ అది. పొడవైనదేం కాదు, రెండు నిమిషాల్లో చదివేయొచ్చు. కంపెనీ లోపలివాళ్ల కోసమే రాసినా అది బయటికి పొక్కింది. ఆర్స్ టెక్నికా అనే సాంకేతిక పత్రిక దాన్ని ప్రచురించింది. ఒక కంపెనీ అధిపతి తన బృందాలకు ‘మనం చేసింది తప్పు, ఇదిగో ఇక్కడ చేశాం’ అని రాసుకున్న మాటలు బయటివాళ్ల చేతికి ఇంత స్పష్టంగా దొరకడం అరుదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా అది చదవదగ్గ పాఠం.

అలాంటి సందేశాలు మనవాళ్లు చాలామందికి తెలిసినవే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ల ఇన్‌బాక్స్‌లో ఒకటి రెండైనా ఉంటాయి. ‘అనుకున్న ఫలితం రాలేదు, అయినా అందరూ ఎంతో కష్టపడ్డారు, ఈ అనుభవం మనల్ని మరింత బలంగా తీర్చిదిద్దుతుంది’ అని మొదలై, అలాగే ముగుస్తాయి. చదివినవాడికి ఏం జరిగిందో తెలియదు. రేపు ఏం మారుతుందో అంతకన్నా తెలియదు. జాబ్స్ మెయిల్ వాటికి ఎక్కడ భిన్నమో చూడాలంటే, ముందు ఆ జులైలో ఏం జరిగిందో తెలియాలి.

ఇవాళ మన ఫోన్‌లో కొత్త నంబరు సేవ్ చేస్తే అది ల్యాప్‌టాప్‌లోనూ కనిపిస్తుంది. ఫోన్ పోగొట్టుకుని కొత్తది కొన్నా పాత నంబర్లన్నీ వచ్చేస్తాయి. 2008లో అది వింత. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఒకదానిలో ఉన్నవి ఇంకోదానిలోకి ఎక్కించుకోవాల్సి వచ్చేది. పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకు మాత్రం మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌చేంజ్ అనే ఏర్పాటు ఉండేది. ఆఫీసు సర్వర్‌లో మెయిల్ పడగానే అది ఫోన్‌లోనూ మోగేది. ఆ సౌకర్యాన్ని మామూలు జనానికి తెచ్చిపెడతామన్నది యాపిల్ మాట. అప్పటికే నడుస్తున్న ‘డాట్ మ్యాక్’ అనే పాత సేవను తీసేసి, దాని స్థానంలో మొబైల్‌మీని పెడుతున్నట్టు 2008 జూన్ 9న ప్రకటించారు. మెయిల్, క్యాలెండర్, కాంటాక్టులు, ఫొటోలు, ఫైళ్లు దాచుకోవడానికి 20 జీబీల చోటు, ఇవన్నీ కలిపి ఏడాదికి 99 డాలర్లు. డబ్బు తీసుకుని ఇచ్చే సేవ అన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఉచితంగా ఇచ్చేదానిలో లోపాన్ని జనం ఓర్చుకుంటారు కానీ, డబ్బు కట్టినదానిలో ఓర్చుకోరు.

జులై రెండో వారంలో విడుదల. పాత ఖాతాలను కొత్త వ్యవస్థలోకి మార్చడానికి ఒక సాయంత్రం కొన్ని గంటలు సేవ ఆపుతామన్నారు. ఆ గంటలు దాటిపోయాయి. జనం లాగిన్ కాలేక, అయినా పేజీలు తెరుచుకోక విసిగిపోయారు. తర్వాత ఇంకో సంగతి బయటపడింది. ‘పుష్’ అన్న మాటతో ఈ సేవను అమ్మారు. ఒకచోట మార్పు చేస్తే మిగతా అన్నిచోట్లా ఆ క్షణమే మారిపోతుందని దాని అర్థం. ఫోన్‌లో, వెబ్‌లో చేసిన మార్పులు వెంటనే వెళ్లేవి. కంప్యూటర్‌లో చేసిన మార్పు బయలుదేరడానికి మాత్రం పావుగంట దాకా పట్టొచ్చు. యాపిల్ క్షమాపణ చెప్పి, ఆ మాట వాడటం ఆపేసి, చందాదారులకు నెల రోజులు ఉచితంగా పొడిగించింది.

అంతటితో ఆగినా బాగుండేది. జులై 18న ఒక మెయిల్ సర్వర్ దెబ్బతింది. ఖాతాదారుల్లో నూటికి ఒక్కరికి మెయిల్ అందకుండా పోయింది. నూటికి ఒక్కరంటే చిన్న సంఖ్యలా కనిపిస్తుంది కానీ, అందులో ఉన్నవాళ్లకు రోజుల తరబడి ఉత్తరాలే లేవు. పైగా వాళ్లకు జులై 16 నుంచి 18 దాకా వచ్చిన మెయిళ్లలో పదో వంతు తిరిగి దొరక్కుండా పోయి ఉండొచ్చని కంపెనీయే ఒప్పుకుంది. ఆలస్యంగా వచ్చే మెయిల్‌ను జనం క్షమిస్తారు. పోయిన మెయిల్‌ను క్షమించరు, ఎందుకంటే ఏది పోయిందో కూడా వాళ్లకు తెలియదు. అదే నెల చివర్లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వాల్ట్ మాస్‌బర్గ్ సమీక్ష వచ్చింది. యాపిల్ వస్తువుల మీద మంచిమాట చెప్పే విమర్శకుడిగా ఆయనకు పేరు. ఈ సేవ నమ్మదగ్గ స్థితిలో లేదని, లోపాలు మరీ ఎక్కువని ఆయన తేల్చేశారు.

ఈ నేపథ్యంలో ఆగస్టు 4 మెయిల్ వచ్చింది. మొబైల్‌మీ విడుదల మన గొప్ప ఘట్టాల్లో ఒకటి కాదు అన్న ధోరణిలో మొదలవుతుంది. పనిలో కొన్ని తప్పులు చేశామని చెప్పి, వరసగా అవేమిటో రాసుకుంటూ పోతుంది.

మొదటిది, ఆ సేవ యాపిల్ ప్రమాణాలకు తగ్గట్టు లేదు. ఇంకా సమయం, ఇంకా పరీక్షలు కావాల్సింది. ఇది అవసరమైన మాటే అయినా, ఈ మెయిల్ మొత్తంలో బలహీనమైన మాట ఇదే అని నాకు అనిపిస్తుంది. ఏ వైఫల్యం తర్వాతైనా ఎవరైనా అనగలిగే మాట. ఎంత సమయం, ఏ పరీక్ష అన్నది లేకపోతే దాన్నుంచి నేర్చుకునేది లేదు. జాబ్స్ ఇక్కడే ఆగి ఉంటే ఆ మెయిల్‌ను ఇవాళ ఎవరూ తలుచుకునేవారు కాదు.

రెండోది వేరే స్థాయిలో ఉంది. మొబైల్‌మీని మొత్తం ఒకే ముద్దగా విడుదల చేయడం తప్పు అన్నాడాయన. దానికి బదులు ఏం చేసి ఉండాల్సిందో కూడా రాశాడు: ముందుగా ఐఫోన్‌కు గాలిలో సమాచారం చేరవేసే భాగం ఒక్కటే విడుదల చేసి ఉండొచ్చు. తర్వాత వెబ్‌లో నడిచేవాటిని ఒక్కొక్కటిగా వదలొచ్చు. ముందు మెయిల్. అది సవ్యంగా నడిస్తే 30 రోజుల తర్వాత క్యాలెండర్. ఇంకో 30 రోజులకు కాంటాక్టులు.

ఈ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఇందులో ఒక వరస ఉంది, ఒక వ్యవధి ఉంది, వాటి మధ్యలో ఒక షరతు ఉంది. ‘మెయిల్ సవ్యంగా నడిస్తే’ అన్నదే ఆ షరతు. తేదీ వచ్చింది కాబట్టి వదిలేయడం కాదు, ముందుది నిలబడిందని తేలితేనే తర్వాతిది అన్న పద్ధతి అది. ఆ లెక్కన క్యాలెండర్, కాంటాక్టులు కూడా వచ్చి మొత్తం సేవ పూర్తవడానికి మెయిల్ మొదలైన దగ్గర్నుంచి రెండు నెలలు పట్టేది. ఆ రెండు నెలల ఆలస్యాన్ని భరించడం కన్నా జరిగింది ఎంత ఖరీదైనదో చదివేవాడు లెక్క వేసుకోగలడు.

ముద్దగా విడుదల చేస్తే వచ్చే చిక్కు బయటికి కనిపించదు. మెయిల్, క్యాలెండర్, కాంటాక్టులు, ఫొటోలు, పాత ఖాతాల మార్పిడి అన్నీ ఒకే రాత్రి మొదలయ్యాయనుకోండి. ఉదయానికి సర్వర్ల మీద భారం విపరీతంగా ఉంది. ఏది మోపిన భారం అది? లాగిన్ కాలేకపోతున్నారు. పాస్‌వర్డ్ చూసే భాగం పాడైందా, మెయిల్ పెట్టె తెరిచే భాగమా, పాత ఖాతా ఇంకా ఈవలికి రాలేదా? ఒక్కో ఫిర్యాదుకు నాలుగైదు కారణాలు అనుమానించాల్సి వస్తుంది. పైగా ఒకదాన్ని బాగుచేయబోతే ఇంకోటి కదిలిపోతుంది. ఒక్కొక్కటిగా విడుదల చేస్తే నిన్నటి దాకా బాగుండి ఇవాళ పాడైందంటే నిన్న కొత్తగా చేర్చినదాన్నే ముందు చూస్తారు. వెనక్కి తీసుకోవడం కూడా సులువు, ఆ ఒక్క భాగాన్నే తీసేస్తారు. సర్వర్లు నడిపేవాళ్లకు ఇది ప్రాథమిక పాఠమే. అయితే వస్తువుల కంపెనీ అలవాటు వేరు. ఫోన్‌ను సగం అమ్మలేరు. డబ్బాలో పెట్టి, ఒక తేదీన, దుకాణాలన్నిటిలో ఒకేసారి అమ్మాలి. యాపిల్ తనకు బాగా తెలిసిన ఆ పద్ధతినే ఇంటర్నెట్ సేవ మీద రుద్దింది. ఇంటర్నెట్ సేవల గురించి మనం నేర్చుకోవాల్సింది ఇంకా ఉందని జాబ్స్ అదే మెయిల్‌లో రాశాడు. ఆ మాట వినయం కోసం అన్నది కాదు, రోగం పేరు చెప్పడమే.

మూడో తప్పు తేదీది. ఐఫోన్ 3జీ, దాని కొత్త సాఫ్ట్‌వేర్, యాప్ స్టోర్, వీటితోపాటే మొబైల్‌మీని కూడా విడుదల చేయడం తప్పు. అందరికీ చేతి నిండా పని ఉంది. మొబైల్‌మీ ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు అన్నది ఆ వాక్యాల సారం. ఇంట్లో పెళ్లి, గృహప్రవేశం, పెద్దాయన షష్టిపూర్తి ఒకే ముహూర్తానికి పెట్టుకున్నట్టుంది ఆ జులై. యాప్ స్టోర్ జులై 10న తెరుచుకుంది. మర్నాడు 21 దేశాల్లో ఐఫోన్ 3జీ అమ్మకాలు మొదలయ్యాయి. ఆ మొదటి రోజే ఫోన్లను యాక్టివేట్ చేసే సర్వర్లు మొరాయించి, కొన్నవాళ్లు పనిచేయని ఫోన్లతో దుకాణాల్లో నిలబడాల్సి వచ్చింది. అలాంటి రోజున మెయిల్ సర్వర్ల మొర వినడానికి ఎవరికి తీరుతుంది?

ఆలస్యం చేసినా నష్టం ఉండేది కాదని ఒప్పుకోవడం ఏ అధిపతికైనా కష్టమే. విడుదల తేదీలు ఇంజినీర్లు పెట్టరు. పైనున్నవాళ్లు పెడతారు. ‘వాయిదా వేసినా ఏమీ పోయేది కాదు’ అనడమంటే, వేయకపోవడానికి సరైన కారణం తమ దగ్గర లేదని ఒప్పుకోవడమే. అయితే జాబ్స్ ఇక్కడ ‘మనం’ అన్నాడే తప్ప ‘నేను’ అనలేదు. ఆ తేదీ ఎవరు పెట్టారు, వద్దని ఎవరైనా చెప్పారా, చెబితే ఎందుకు వినలేదు అన్న ప్రశ్నలకు ఆ మెయిల్‌లో జవాబు లేదు. నా దృష్టిలో దాని పెద్ద లోపం అదే. తప్పుడు నిర్ణయాల పేర్లు చెప్పింది కానీ, ఆ నిర్ణయాలు ఎలా తీసుకున్నారో చెప్పలేదు.

తప్పుల తర్వాత రేపటి సంగతి. ఆ రోజు నుంచి మొబైల్‌మీ బృందం ఎడ్డీ క్యూ కింద పనిచేస్తుందని, అప్పటికే ఐట్యూన్స్, యాప్ స్టోర్ చూస్తున్న ఆయన ఇక కంపెనీ ఇంటర్నెట్ సేవలన్నిటికీ బాధ్యుడని, నేరుగా తనకే జవాబు చెబుతాడని జాబ్స్ రాశాడు. ఏడాది చివరికల్లా అందరం గర్వపడే సేవగా దీన్ని తీర్చిదిద్దుదాం అని ముగించాడు. ఎవరు చేస్తారో పేరు, ఎప్పటికో గడువు, రెండూ ఉన్నాయి. ఎడ్డీ క్యూ ఎందుకంటే, ఇంటర్నెట్ మీద రోజూ లక్షలమందికి సరుకు అమ్మే దుకాణం నడిపిన అనుభవం కంపెనీలో ఆయనకు ఉంది. రోగం ఏమిటో చెప్పాక, ఆ రోగం తెలిసినవాడి చేతికి అప్పగించడం సహజమైన అడుగు.

ఆ మెయిల్‌లో లేనివాళ్లు వినియోగదారులు. మెయిళ్లు పోగొట్టుకున్నవాళ్ల ఊసు పెద్దగా కనిపించదు. వాళ్లతో కంపెనీ వేరే దారిలో మాట్లాడింది. సేవ పరిస్థితి ఎలా ఉందో రోజు విడిచి రోజు రాయమని జాబ్స్ చెప్పగా, జులై చివర్లో ఆ వివరాలు రాయడం మొదలుపెట్టారు. ఆగస్టులో చందాను ఇంకో రెండు నెలలు పొడిగించారు. బృందానికి రాసే సందేశం, జనానికి చెప్పే క్షమాపణ వేర్వేరుగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం. రెంటినీ ఒకే కాగితం మీద రాయబోతే వకీళ్ల సలహాతో నిర్ణయాల పేర్లు మాయమైపోతాయి, బాధపడుతున్నామన్న మాట ఒక్కటి మిగులుతుంది.

ఈ కథకు రెండో ముఖం కూడా ఉంది. ఫార్చ్యూన్ పత్రికలో ఆడమ్ లషిన్‌స్కీ 2011లో రాసిన కథనం ప్రకారం, జాబ్స్ మొబైల్‌మీ బృందాన్ని కంపెనీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి, ఈ సేవ ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా అని అడిగాడు. ఎవరో జవాబు చెప్పారు. అయితే అది ఆ పని ఎందుకు చేయడం లేదు అని బూతుమాట కలిపి గద్దించాడు. కంపెనీ పరువు తీశారని, ఒకరినొకరు అసహ్యించుకోవాలని అరగంట సేపు దులిపేశాడు. అక్కడికక్కడే బృందానికి కొత్త అధిపతిని ప్రకటించాడు. మెయిల్‌లో ‘మనం’ అన్న మనిషి, హాల్లో ‘మీరు’ అన్నాడు.

ఈ రెంటిలో ఏది పనిచేసిందని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ తిట్లే కంపెనీని నిలబెట్టాయని చెప్పేవాళ్లు మన ఆఫీసుల్లోనూ తక్కువేం కాదు. నాకైతే అలా అనిపించదు. ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు భయం తెలిసి ఉంటుంది. మెయిల్ ముందు, క్యాలెండర్ తర్వాత అన్న సంగతి మాత్రం తిట్టు వల్ల తెలియదు. వద్దని చెప్పాలనుకున్నవాడు కూడా తర్వాతిసారి నోరు మెదపడు. విడుదల తేదీని ఎవరూ అడ్డుకోకపోవడమే అసలు సమస్య అయినప్పుడు, అది ఇంకా పెద్ద నష్టం.

ఇక్కడ మనవాళ్లకు ఇంకొకరు గుర్తొస్తారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వి-3 సముద్రంలో పడినప్పుడు, ఇస్రో అధిపతి సతీష్ ధావన్ విలేకరుల ముందు బాధ్యతను తన మీద వేసుకున్నారని అబ్దుల్ కలాం చాలాసార్లు చెప్పారు. బృందాన్ని కాచుకోవడంలో ఆయనది జాబ్స్ అందుకోని ఎత్తు. కానీ అది బయటివాళ్ల ఎదుట నిలబడి చెప్పిన మాట. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం ఎలా వచ్చిందో తేల్చే పని తర్వాత వేరుగా జరిగింది. బాధ్యత తలకెత్తుకోవడం ఒకటి, తప్పు ఎక్కడుందో రాయడం ఒకటి. మొదటిదానికి చప్పట్లు కొట్టి రెండోది మరిచిపోవడం మనకు కొంచెం అలవాటు.

మన దగ్గర ఒక చిన్న బృందానికి ఇలాంటి అవసరం పడిందనుకుందాం. పాఠశాలలకు యాప్ తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ఒకటి. ఫీజు చెల్లింపు, హాజరు, స్కూల్ బస్సు ఎక్కడుందో చూపడం, ఈ మూడూ ఒకే యాప్‌లో పెట్టి, జూన్‌లో బడులు తెరిచిన రోజునే విడుదల చేశారు. ఫీజు కట్టినవాళ్ల ఖాతాలో డబ్బు పోయింది, రసీదు రాలేదు. బస్సు లేనిచోట ఉన్నట్టు చూపింది. తల్లిదండ్రులు బడి గేటు దగ్గర గొడవ చేశారు. రెండు బడులు ఒప్పందం రద్దు చేసుకున్నాయి. బృందం నాయకురాలు సాధారణంగా రాసేది ఇలా ఉంటుంది: ‘ఊహించని సాంకేతిక సమస్యల వల్ల ఇబ్బంది కలిగింది. రాత్రింబవళ్లు పనిచేసిన అందరికీ ధన్యవాదాలు. ఇకపై నాణ్యత మీద మరింత దృష్టి పెడదాం.’

ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చేది కూడా లేదు. ‘ఊహించని’ అన్న మాటను ముందు కొట్టేయాలి. బడి తెరిచే రోజు అందరూ ఒకేసారి ఫీజు కడతారన్నది ఊహించనిదేం కాదు. ఆవిడ ఇలా రాసి ఉండొచ్చు:

‘బడులు తెరిచే రోజునే విడుదల చేయాలని నేను పట్టుబట్టాను. అది తప్పు. ఆ రోజు వచ్చే రద్దీని మనం పరీక్షించలేదు. పరీక్షకు ఇంకో వారం కావాలని పేమెంట్ టీమ్ అడిగింది, నేను ఒప్పుకోలేదు. మూడు భాగాలూ కలిపి వదలడం రెండో తప్పు. ముందు హాజరు ఒక్కటే వదిలి, అది రెండు వారాలు సవ్యంగా నడిచాక ఫీజు, ఆ తర్వాత బస్సు చేర్చి ఉండాల్సింది. ఇవాళ బస్సు భాగాన్ని ఆపేస్తున్నాం. డబ్బు పోయి రసీదు రాని ప్రతి తల్లిదండ్రికీ శుక్రవారం లోపు డబ్బు వాపసు వెళ్లాలి. ఆ పని పేమెంట్ టీమ్ లీడ్ చూస్తారు. ఇక మీదట విడుదల తేదీ మీద పరీక్ష చేసేవాళ్లు వద్దంటే, కారణం రాసి పెట్టకుండా నేను ముందుకు వెళ్లను.’

రెండో సందేశం చదివిన ఇంజినీరుకు వచ్చేసారి తను ఏం అడగాలో, ఏం అడిగే హక్కు ఉందో తెలుస్తుంది. ఇది రాయడం కష్టం అన్నది నిజమే. ‘నేను పట్టుబట్టాను’ అన్న ఒక్క మాట రాయలేకే చాలామంది మొదటి రకం రాస్తారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇలాంటి సందేశంలో కింది ఉద్యోగి పేరు తప్పుల దగ్గర కనిపిస్తే అది దండోరా అవుతుంది. తప్పుల దగ్గర నిర్ణయాలు, వాటిని తీసుకున్న పెద్దలు ఉండాలి. మనుషుల పేర్లు ఇకపై చేసే పనుల దగ్గర ఉండాలి. జాబ్స్ మెయిల్‌లో కనిపించే ఒకే ఒక్క ఉద్యోగి పేరు ఎడ్డీ క్యూ, అదీ రేపటి పని దగ్గర.

సందేశం పంపాక నిజంగా నేర్చుకున్నారా అన్నది ఏళ్ల మీద తేలుతుంది. జాబ్స్ మెయిల్ నిర్దిష్టంగా ఉండబట్టే మనం దాన్ని పట్టుకుని కంపెనీని కొలవగలం. మొబైల్‌మీ పేరుకు అంటిన మచ్చ పోలేదు. 2011 జూన్ 6న జాబ్స్ వేదిక మీద ఐక్లౌడ్‌ను ప్రకటిస్తూ, వీళ్లను ఎందుకు నమ్మాలి, మొబైల్‌మీ తెచ్చింది వీళ్లే కదా అని జనం అనుకోవచ్చని తనే అన్నాడు. హాలంతా నవ్వింది. అది మా గొప్ప ఘట్టం కాదు గానీ చాలా నేర్చుకున్నాం అని పాత మెయిల్‌లోని మాటనే మళ్లీ వాడాడు. కొత్త సేవను నాలుగు నెలలపాటు యాప్‌లు తయారుచేసేవాళ్ల చేత వాడించారు. పరీక్షల పాఠం ఒంటబట్టినట్టే. తేదీల పాఠం మాత్రం కాదు. అక్టోబర్ 12న ఐక్లౌడ్, ఫోన్ల కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 5 ఒకే రోజున వచ్చాయి. ఇంకో రెండు రోజులకు ఐఫోన్ 4ఎస్. మొదటి రోజు రద్దీకి సర్వర్లు తట్టుకోలేక చాలామంది ఫోన్లలో అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది. మొబైల్‌మీని 2012 జూన్ 30న పూర్తిగా మూసేశారు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంకా పెద్ద దెబ్బ. గూగుల్ మ్యాప్స్‌ను తీసేసి, యాపిల్ తన సొంత మ్యాప్స్‌ను కొత్త ఐఓఎస్ 6తో పాటు ప్రపంచమంతటికీ ఒకేసారి ఇచ్చింది. రెండు రోజులకే ఐఫోన్ 5 కూడా వచ్చింది. ఊళ్లు ఉండాల్సినచోట లేవు, వంతెనలు కరిగిపోయినట్టు కనిపించాయి. ముద్దగా వదలొద్దు, ఫోన్‌తో కలిపి వదలొద్దు అని నాలుగేళ్ల క్రితం రాసుకున్న రెండు సంగతులూ మళ్లీ తప్పారు. అప్పటికి జాబ్స్ లేడు. సెప్టెంబర్ 28న టిమ్ కుక్ బహిరంగ లేఖ రాశాడు. మర్యాదగా, సూటిగా క్షమాపణ చెప్పాడు. మా మ్యాప్స్ బాగుపడేదాకా గూగుల్, మైక్రోసాఫ్ట్, నోకియా మ్యాప్స్ వాడుకోండని పోటీదారుల పేర్లు కూడా చెప్పాడు. వినియోగదారుడికి అంత పనికొచ్చే మాట జాబ్స్ మెయిల్‌లో లేదు. కానీ ఏ నిర్ణయం తప్పో కుక్ లేఖ చెప్పదు. నెల తిరిగేసరికి ఆ విభాగం చూసిన స్కాట్ ఫోర్‌స్టాల్ కంపెనీని వీడుతున్నట్టు ప్రకటన వచ్చింది. లేఖ మీద సంతకం పెట్టడానికి ఆయన నిరాకరించాడని అప్పట్లో పత్రికలు రాశాయి. మ్యాప్స్ బాధ్యత మళ్లీ ఎడ్డీ క్యూ చేతికే వెళ్లింది.

ఆ తర్వాత పని నెమ్మదిగా సాగింది. 2016 మేలో టిమ్ కుక్ హైదరాబాద్ వచ్చి, మ్యాప్స్ పని కోసమే పెట్టిన కార్యాలయాన్ని ప్రారంభించాడు. దాని ద్వారా 4,000 దాకా ఉద్యోగాలు వస్తాయని అప్పుడు ప్రకటించారు. సొంత వాహనాలు తిప్పి సేకరించిన సమాచారంతో మ్యాప్స్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నారు. కట్టినదాన్ని ఈసారి ఒక్కరోజులో వదల్లేదు. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతంతో మొదలుపెట్టి, ఉత్తర కాలిఫోర్నియాకు విస్తరించి, ఒక్కో ప్రాంతం కలుపుకుంటూ పోయి, 2020 జనవరికి అమెరికా అంతా పూర్తిచేశారు. ముందు ఒకటి, అది నిలబడ్డాక ఇంకోటి అని జాబ్స్ 2008 ఆగస్టులో రాసిన పద్ధతి ఆ కంపెనీ మ్యాప్స్‌లో అమలు కావడానికి పదేళ్లు పట్టింది.